అయిదూ యాభైకి వెనక్కి తిరగాలి

కొత్తగా చేరినవాళ్ళకు,

పోయిన నెలలో మన పరుగు క్లబ్బులో పదకొండు మంది కొత్తగా చేరారు. వాళ్ళలో చాలామంది నన్ను అడిగిన మొదటి ప్రశ్న ఒకటే: "మేడమ్, మీ స్పీడుకి నేను రాగలనా?" రాగలరు. అయితే మా స్పీడు ఎవరు పెడతారు, ఎలా పెడతారు అన్నది తెలుసుకుని వస్తే మీకూ మంచిది, మాకూ మంచిది. ఒక్కొక్కరికీ విడిగా చెబుతుంటే ప్రతిసారీ ఏదో ఒకటి మర్చిపోతున్నాను. అందుకే ఈ ఉత్తరం.

మన క్లబ్బు వారానికి మూడు రోజులు కలుస్తుంది. మంగళవారం వేగం కోసం, గురువారం తేలికగా ఓ అరగంట, ఆదివారం లాంగ్ రన్. మొదటి రెండింటి గురించి వచ్చాక తెలుసుకోవచ్చు. గొడవలు, దెబ్బలు, అలకలు అన్నీ ఆదివారం నాడే వస్తాయి కాబట్టి నేను ఆదివారం గురించే రాస్తాను.

ఆదివారం పొద్దున్న 4:50కి విశాఖపట్నం ఆర్కే బీచ్‌లో కాళీమాత గుడి ఎదురుగా కలుస్తాం. సరిగ్గా 5 గంటలకు కదులుతాం. సబ్‌మెరైన్ మ్యూజియం, పార్క్ హోటల్ జంక్షన్, లాసన్స్ బే, తెన్నేటి పార్కు, జోడుగుళ్ళపాలెం మీదుగా సాగర్ నగర్ వైపు వెళ్ళి, అదే దారిన తిరిగి వస్తాం. నాలుగు గుంపులుంటాయి. మొదటిది కిలోమీటరుకు 6:15, అంటే ఆరు నిమిషాల పదిహేను సెకన్లు, రెండోది 7:00, మూడోది 7:45. నాలుగోది నాలుగు నిమిషాలు పరుగు, ఒక నిమిషం నడక. ఆ నడకతో కలిపి వాళ్ళకు కిలోమీటరుకు సుమారు 8:45 పడుతుంది.

ఇక్కడ మా పద్ధతి వేరే చోట్ల మీరు చూసినదానికి కొంచెం తేడాగా ఉంటుంది. మేము దూరాన్ని బట్టి వెనక్కి తిరగం, గడియారాన్ని బట్టి తిరుగుతాం. ఎవరు ఎక్కడున్నా సరే, 5:50 అయ్యేసరికి వెనక్కి తిరగాలి. ఆ యాభై నిమిషాల్లో 6:15 గుంపు 8 కిలోమీటర్లు వెళ్తుంది. 7:00 గుంపు 7 కిలోమీటర్ల పైచిలుకు, 7:45 గుంపు ఆరున్నర కిలోమీటర్ల దాకా వెళ్తాయి. నడక గుంపు తెన్నేటి పార్కు దాటి కొద్ది దూరం వెళ్ళి తిరుగుతుంది. వెళ్ళిన వేగంతోనే వెనక్కి వస్తే నాలుగు గుంపులూ 6:40కి గుడి దగ్గర ఒకేసారి ఉంటాయి.

పాతరోజుల్లో అందరూ ఒకే దూరం పరిగెత్తేవాళ్ళం. ముందు వచ్చినవాళ్ళు టిఫిన్ తిని ఇళ్ళకు వెళ్ళిపోయేవాళ్ళు. చివర వచ్చేవాళ్ళు, ఎక్కువగా కొత్తగా చేరిన ఆడవాళ్ళు, ఎండ ఎక్కాక ఖాళీ రోడ్డు మీద ఒంటరిగా వచ్చేవాళ్ళు. వాళ్ళకోసం ఎవరూ ఉండేవాళ్ళు కాదు. రెండు మూడు వారాలు అలా జరిగితే నాలుగో వారం వాళ్ళు రారు. ఎందుకు మానేశారని అడిగితే "కుదరడం లేదండీ" అంటారు. కుదరకపోవడం కాదు, చివరగా వచ్చి ఖాళీ రోడ్డు చూడటం కష్టం. గడియారం పద్ధతి పెట్టాక ఆ బాధ పోయింది. నెమ్మదిగా పరిగెత్తే మనిషి తక్కువ దూరం వెళ్తుంది, అందరితోపాటే వస్తుంది. పైగా వెనక్కి వచ్చేటప్పుడు అన్ని గుంపులూ ఒకరికొకరు దగ్గరవుతూ వస్తాయి కాబట్టి ఏ గుంపూ విడిగా మిగిలిపోదు.

ఈ పద్ధతికి ఇంకో గుణం ఉంది. నేను దీన్ని వదలకపోవడానికి అసలు కారణం అదే. వెళ్ళేటప్పుడు ఎవరు అతిగా పరిగెత్తారో 6:40కి తెలిసిపోతుంది. 5:50కి తిరిగిన మనిషి 6:50కి వచ్చాడంటే ఆ పది నిమిషాలు వెళ్ళేటప్పుడు చేసిన అప్పు. తిరిగి వచ్చేటప్పుడు తీర్చాడు.

ఒక ఆదివారం ఏం జరిగిందో చెబుతాను. రెండేళ్ళ కిందట, అక్టోబరు నెల. వానలు ఇంకా పూర్తిగా వెళ్ళలేదు, గాలిలో తేమ ఎక్కువగా ఉంది. ఆ రోజు 7:00 గుంపుకు పేసర్‌ని, అంటే వేగం పట్టి ముందు నడిపించే మనిషిని, నేనే. పద్నాలుగు మంది ఉన్నాం. అందరూ హుషారుగా ఉన్నారు. ఇంటికొచ్చాక వాచీలో చూస్తే మొదటి కిలోమీటరు 6:58. బాగుంది. రెండోది 6:50, మూడోది 6:42, నాలుగోది 6:36. అయిదోది తెన్నేటి పార్కు ముందు రోడ్డు ఎత్తెక్కే చోటు. అక్కడ మామూలుగా పదిహేను ఇరవై సెకన్లు నెమ్మదించాలి. మేము 6:38లో ఎక్కేశాం. తర్వాత 6:32, 6:30. 5:50కి వెనక్కి తిరిగేటప్పటికి ఏడున్నర కిలోమీటర్లు అయింది. అంటే వెళ్ళాల్సినదానికంటే మూడు వందల యాభై మీటర్లు మాత్రమే ఎక్కువ.

ఆ మూడు వందల యాభై మీటర్లకు మేము ఇచ్చుకున్నది ఇది. పద్నాలుగు మందిలో ఆరుగురు 6:40 ప్రాంతంలో వచ్చారు. నలుగురు అయిదు నిమిషాలు ఆలస్యంగా వచ్చారు. మిగిలిన నలుగురికి తిరిగి రావడానికి గంటా మూడు నిమిషాలు పట్టింది. పార్క్ హోటల్ దగ్గర్నుంచి వాళ్ళు నడిచారు. అందులో ఒకామెకు ఆ వారమంతా పిక్క పట్టేసింది. ఇంకొకాయన మూడు ఆదివారాలు రాలేదు. ఆ రోజు ఎవరూ పందెం పెట్టుకోలేదు, ఎవరూ కావాలని ముందుకు దూకలేదు. "ఈరోజు కొంచెం ఫాస్ట్‌గా ఉన్నాం కదా" అని మూడో కిలోమీటరులో వెనకనుంచి ఎవరో అన్నారు కూడా. నేను విన్నాను. వాచీ చూసుకోలేదు. తప్పు నాది.

వేగం అలా ఎలా పెరుగుతుందో ఆ తర్వాత చాలా వారాలు జాగ్రత్తగా గమనించాను. దాన్ని నేను అరడుగు జబ్బు అంటాను. ఇద్దరు పక్కపక్కన పరిగెత్తుతుంటే ఒకరి భుజం అరడుగు ముందుంటుంది. రెండోవాళ్ళు తెలియకుండానే ఆ అరడుగు అందుకుంటారు. అందుకోగానే మొదటివాళ్ళు మళ్ళీ అరడుగు ముందుకు జరుగుతారు. ఇద్దరూ కబుర్లు చెప్పుకుంటూనే ఉంటారు, ఇద్దరికీ ఏమీ తెలియదు. వెనకున్న పన్నెండు మంది వాళ్ళ వీపులు చూసుకుంటూ పరిగెత్తుతారు. కిలోమీటరుకు ఏడెనిమిది సెకన్ల చొప్పున పెరుగుతూ పోతుంది. అంత చిన్న తేడా ఒంటికి వెంటనే తెలియదు. తెలిసేసరికి అయిదు కిలోమీటర్లు అయిపోతాయి.

అందుకని ఇప్పుడు మా నియమం ఇది. పేసర్ భుజం దాటి ఎవరూ ముందుకు రాకూడదు. పక్కకు రావచ్చు, మాట్లాడవచ్చు, దాటకూడదు. పేసర్ వాచీలో అప్పటికప్పుడు కనిపించే వేగాన్ని నమ్మరు. అది ఉపగ్రహాల లెక్క, చెట్ల కింద, ఎత్తైన కట్టడాల పక్కన ఎగిరి పడుతుంది. నలభై సెకన్లు తేడాగా చూపే తప్పుడు అంకె చూసి నెమ్మదించడం, మళ్ళీ పెంచడం వల్ల వెనకవాళ్ళకు ఇంకా కష్టం. అందుకే ఆ కిలోమీటరు సగటు చూపించే అంకెనే పేసర్ చూస్తారు. ప్రతి కిలోమీటరు అయ్యాక ఆ అంకెను గట్టిగా చదువుతారు. "నాలుగు! ఏడు సున్నా రెండు!" అని. అలా చదివితే పేసర్ కూడా గుంపుకు జవాబు చెప్పుకోవాల్సి వస్తుంది. ఆ అక్టోబరులో నేను చదవలేదు. చదివి ఉంటే మూడో కిలోమీటరు దగ్గరే నా నోటితో నేనే ఆరు నలభై రెండు అని చెప్పాల్సి వచ్చేది, అక్కడే ఆగేది.

తిరిగి వచ్చేటప్పుడు లాసన్స్ బే దాటాక పేసర్ "ఇక మీ ఇష్టం" అంటారు. అక్కడినుంచి ఓపిక ఉన్నవాళ్ళు ముందుకు వెళ్ళవచ్చు. అంతకుముందు కాదు.

ఇప్పుడు మీరు ఏ గుంపులో ఉండాలన్న విషయం. అందరూ ఇక్కడే పొరపాటు పడతారు, పడటానికి కారణం కూడా ఉంది. ఈ మధ్య ఒక తమ్ముడు చేరాడు. బ్యాంకులో పని, ముప్ఫై రెండేళ్ళు. 10 కిలోమీటర్ల పరుగు 58 నిమిషాల్లో చేశాడు. అంటే కిలోమీటరుకు 5:48. "నా స్పీడు అయిదూ నలభై ఎనిమిది కదా మేడమ్, 6:15 గుంపు నాకు తేలికే కదా" అన్నాడు. లెక్క చూస్తే సరిగ్గానే ఉన్నట్టుంటుంది. కానీ ఆ 5:48 అతను ప్రాణం పెట్టి, చివర్లో పళ్ళు బిగించి పరిగెత్తిన వేగం. ఆ వేగానికి ఒక నిమిషం నుంచి నిమిషంన్నర దాకా కలిపితేనే ఆదివారం వేగం వస్తుంది. అతనికది 6:48 నుంచి 7:18. అంటే 7:00 గుంపు.

అతను ఒప్పుకోలేదు. సరే, ఒక ఆదివారం 6:15తోనే వెళ్ళమన్నాను. ఆరు కిలోమీటర్ల దాకా బాగానే వెళ్ళాడట. 5:50కి తిరిగేటప్పుడు కూడా గుంపులోనే ఉన్నాడు. తొమ్మిదో కిలోమీటరు దగ్గర అతని మాట ఆగిపోయింది. పదకొండు దగ్గర నడక మొదలైంది. 6:58కి గుడి దగ్గరికి వచ్చి మెట్ల మీద కూర్చుని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాతి ఆదివారం తనంతట తనే 7:00 గుంపులో నిలబడ్డాడు. ఆ రోజు చివరి రెండు కిలోమీటర్లు గుంపును దాటి వచ్చాడు.

వాచీ లేనివాళ్ళు, ఇంతవరకూ ఏ పందెమూ పరిగెత్తనివాళ్ళు కంగారు పడొద్దు. మొదటి మూడు ఆదివారాలు నడక గుంపులో రండి. అక్కడ పేసర్ మిమ్మల్ని ఒక ప్రశ్న అడుగుతుంది: "నిన్న రాత్రి ఏం వండారు? ఎలా వండారు?" మీరు గుత్తొంకాయ కూరలో మసాలా ఎప్పుడు కూరాలో, నూనె ఎంత పోయాలో ఆగకుండా చెప్పగలిగితే వేగం సరిపోయినట్టు. "వంకాయ" అని ఒక్క మాటతో సరిపెట్టి ఊపిరి పీల్చుకుంటే ఎక్కువైనట్టు. "ఆ", "ఊ" అని తల ఊపితే చాలా ఎక్కువైనట్టు. గుండె వేగం చూపించే వాచీలు ఎన్ని ఉన్నా నేను ముందు దీన్నే నమ్ముతాను. మణికట్టు మీది సెన్సర్ చెమటకు, పట్టీ వదులుకు తప్పుతుంది. ఊపిరి తప్పదు.

"ఇంత నెమ్మదిగా పరిగెత్తితే వేగం ఎప్పుడు వస్తుంది?" అని మీరు అడుగుతారని తెలుసు. న్యాయమైన ప్రశ్నే. వేగం మంగళవారం వస్తుంది. ఆ రోజు మనం చిన్న చిన్న దూరాలు గట్టిగా పరిగెత్తుతాం, మధ్యలో ఆగుతాం. ఆదివారం పని వేరు. ఆ రోజు కాళ్ళు గంటా నలభై నిమిషాలు నేలమీద పడుతూ ఉండాలి. గుండె, కండరాల్లో సన్నటి రక్తనాళాలు, స్నాయువులు, ఎముకలు ఆ సమయానికి అలవాటు పడాలి. ఆదివారం సగం వేగంగా, సగం నీరసంగా పరిగెత్తినవాళ్ళకు మంగళవారం కాళ్ళు రావు. అప్పుడు మంగళవారం కూడా సగం వేగమే అవుతుంది. రెండు రోజులూ ఒకేలా అయిపోతాయి. మా క్లబ్బులో ఏడాదిపాటు ఒకే చోట ఆగిపోయినవాళ్ళను చూశాను. వాళ్ళు పరిగెత్తడం తక్కువై ఆగిపోలేదు. అన్ని రోజులూ ఒకే మధ్యస్థం వేగంలో పరిగెత్తి ఆగిపోయారు.

ఇంకొక కారణం ఉంది. నాకు అన్నిటికంటే అదే ముఖ్యం. ఊపిరి తొందరగా మెరుగవుతుంది, కాలు తొందరగా మెరుగవదు. ఆరు వారాలు క్రమంగా వస్తే మీకు ఆయాసం తగ్గుతుంది, ఒంట్లో కొత్త బలం తెలుస్తుంది. కానీ మోకాలి కింద ఎముక, మడమ వెనక స్నాయువు అంత త్వరగా గట్టిపడవు. వాటికి నెలలు కావాలి. అందుకే కొత్తవాళ్ళు దెబ్బతినేది మొదటి వారంలో కాదు, ఆరో వారానికీ పదో వారానికీ మధ్య, బాగా పరిగెత్తగలుగుతున్నామని సంతోషంగా ఉన్నప్పుడు. మోకాలి కింద ఎముకకు లోపలివైపు జానెడు మేర నొప్పి పుట్టి, నాలుగు అడుగులు వేశాక తగ్గితే దూరం తగ్గించి, వేగం తగ్గించి చూడొచ్చు. అలా కాకుండా ఎముక మీద ఒకే చోట, వేలు పెట్టి చూపించగలిగేంత నొప్పి ఉండి, నడిచినా, రాత్రి పడుకున్నా ఉంటే పరుగు ఆపేసి ఎముకల డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి. అది ఎముకలో సన్నటి బీట కావచ్చు. మొదట్లో ఎక్స్‌రేలో కూడా కనిపించకపోవచ్చు. "ఎక్స్‌రేలో ఏం లేదు కదా" అని మళ్ళీ పరిగెత్తొద్దు.

సముద్రం పక్కన పరిగెత్తడం హాయిగా ఉంటుందని బయటివాళ్ళు అనుకుంటారు. గాలి ఉన్నప్పుడు హాయే. కానీ మన ఊళ్ళో తేమ ఎక్కువ. చెమట పడుతుంది కానీ ఆరదు. చెమట ఆరితేనే ఒళ్ళు చల్లబడుతుంది, కారిపోతే కాదు. ఒళ్ళు చల్లబరచడానికి గుండె చర్మం వైపు ఎక్కువ రక్తం పంపాలి, మరోపక్క చెమట వల్ల ఒంట్లో నీరు తగ్గుతుంది. దాంతో అదే వేగానికి గుండె ఎక్కువసార్లు కొట్టుకోవాల్సి వస్తుంది. 7:00 వేగంలో నాకు రెండో కిలోమీటరులో 142 ఉండే గుండె వేగం, అదే వేగంతో పన్నెండో కిలోమీటరుకి 158కి వెళ్తుంది. నేను తొందరపడలేదు, ఒళ్ళు వేడెక్కింది, అంతే. అందుకే మార్చి చివరి నుంచి జూన్ దాకా నాలుగు గుంపుల వేగాన్నీ కిలోమీటరుకు 20 నుంచి 30 సెకన్లు తగ్గిస్తాం. బయలుదేరే ముందే ప్రకటిస్తాం. "ఎండాకాలం వేగం తగ్గిపోతోంది, నేను వెనకబడిపోతున్నానా" అని బాధపడొద్దు. వానలు తగ్గి చలి మొదలయ్యాక అదే శ్రమకు ఆ సెకన్లు తిరిగి వస్తాయి.

నీళ్ళ సంగతి ఒకసారి మీ ఇంట్లోనే చూసుకోండి. పరుగుకు ముందు, తర్వాత చెమట తుడుచుకుని బరువు చూసుకోండి. మేలో ఒకరోజు నేను 58 కిలోలతో బయలుదేరి 56.9 కిలోలతో వచ్చాను. మధ్యలో సుమారు 400 మి.లీ. నీళ్ళు తాగాను. అంటే గంటా నలభై నిమిషాల్లో లీటరున్నర చెమట. కిలో బరువు తగ్గితే లీటరు నీరు పోయిందని లెక్క. అదంతా పరుగులోనే తాగాలని కాదు. దాహానికి మించి బలవంతంగా తాగితే రక్తంలో ఉప్పు పలచబడుతుంది, అది కూడా ప్రమాదమే. పోయేటప్పుడు, వచ్చేటప్పుడు తెన్నేటి పార్కు దగ్గర మన కారు ఉంటుంది, నీళ్ళుంటాయి. వచ్చాక గుడి దగ్గర ఉప్పేసిన మజ్జిగ ఉంటుంది. ఓఆర్ఎస్ తెచ్చుకునేవాళ్ళు పెద్ద ప్యాకెట్టును లీటరు నీళ్ళలోనే కలపండి. చిన్న సీసాలో చిక్కగా కలిపితే కడుపు తిప్పుతుంది.

నాలుగు గుంపులకూ వెనక ఒక్కొక్కరు స్వీపర్‌గా ఉంటారు. గుంపులో చివరి మనిషి కంటే వెనక ఉండటమే వాళ్ళ పని. ఈ పనిని కొత్తవాళ్ళకు ఇవ్వం. స్వీపర్లు ఆ గుంపు వేగం కంటే ఒక గుంపు ముందు పరిగెత్తగలిగినవాళ్ళు అయి ఉండాలి. ఎందుకంటే వాళ్ళు పరిగెత్తుతూనే ముందున్నవాళ్ళ నడక గమనించాలి. వంకర అడుగులు పడుతున్నాయా, పేరు అడిగితే ఆలస్యంగా చెబుతున్నారా, ఎండలో రోమాలు నిక్కబొడుచుకుంటున్నాయా, చలి వేస్తోందంటున్నారా. ఇవి వడదెబ్బ మొదలయ్యే గుర్తులు. మాట తడబడితే, తికమక పడితే ఇక ఆలోచించరు. నీడకు తీసుకెళ్ళి, కారులో ఉన్న చల్లటి నీళ్ళన్నీ తలమీద, మెడమీద, చంకల్లో, ఒళ్ళంతా పోస్తారు. ఇంకొకరు 108కి ఫోన్ చేస్తారు. అంబులెన్స్ వచ్చేదాకా చల్లబరచడం ఆపరు. ముందు ఆసుపత్రి, తర్వాత చల్లబరచడం అనుకుంటే ఆ పదిహేను నిమిషాలే ప్రాణం మీదికి తెస్తాయి. ఇన్నేళ్ళలో మాకు అంతదాకా రాలేదు. ఒకసారి దగ్గరికి వచ్చింది. ఆ రోజు స్వీపర్‌గా ఉన్నామె ఆయన్ని పేరు అడిగింది. ఆయన ఇంటిపేరు చెప్పి ఆగిపోయాడు. వెంటనే కూర్చోబెట్టింది.

గుంపు వేగం అందకపోతే ఏం చేయాలి? ఇది బాగా గుర్తుంచుకోండి, చాలామంది సిగ్గుపడి ఇక్కడే ఒంటరిగా మిగిలిపోతారు. పేసర్‌తో "దిగుతున్నా" అని చెప్పండి. చెప్పి ఫుట్‌పాత్ మీద నడుస్తూ ఉండండి. 7:00 గుంపులో అయిదో కిలోమీటరు దగ్గర దిగితే, 7:45 గుంపు పది పన్నెండు నిమిషాల్లో మిమ్మల్ని అందుకుంటుంది. వాళ్ళతో కలిసిపోండి. వాళ్ళ స్వీపర్‌కు మీ పేరు చెప్పండి. ఎవరూ ఏమీ అనరు. నేనూ దిగాను, చాలాసార్లు.

చెప్పకుండా వెళ్ళిపోవడం మాత్రం చేయొద్దు. ఒక ఆదివారం 5 గంటలకు పుస్తకంలో 31 పేర్లున్నాయి. 6:45కి 30 మందే ఉన్నారు. ఒకాయన ఫోను ఎత్తడం లేదు. ఇద్దరు బండి మీద సాగర్ నగర్ దాకా వెళ్ళి వచ్చారు. ఇంకో ఇద్దరు తెన్నేటి పార్కు లోపల వెతికారు. ఆ పార్కు కింద రాళ్ళు, అలలు. ఒక్కొక్కరి ముఖంలో రంగు లేదు. ఏడున్నరకు ఆయన భార్య తన ఫోను ఎత్తింది. ఆయనకు మడమ బెణికిందట, జోడుగుళ్ళపాలెం దగ్గర ఆటో ఎక్కి ఇంటికి వెళ్ళి పడుకున్నారట. ఆయన ఫోను గుడి దగ్గరే స్కూటర్ డిక్కీలో ఉంది. ఆయన మంచి మనిషి, మమ్మల్ని ఇబ్బంది పెట్టకూడదనే చెప్పకుండా వెళ్ళారు. అప్పటినుంచి పేరు రాయకుండా ఎవరూ కదలకూడదు, టిక్కు పెట్టించుకోకుండా ఎవరూ వెళ్ళకూడదు. ఫోను దగ్గర ఉండాలి, కాకపోతే ఆటోకు సరిపడా డబ్బులూ, ఇంటివాళ్ళ నంబరు రాసిన చీటీ జేబులో ఉండాలి.

రోడ్డు గురించి కొద్దిగా. ఆర్కే బీచ్ దగ్గర పొద్దున్న కొంతసేపు వాహనాలను రానివ్వరు కాబట్టి అక్కడ వెడల్పుగా పరిగెత్తినా ఫర్వాలేదు. పార్క్ హోటల్ దాటాక అది ఉండదు. అక్కడినుంచి ఇద్దరికి మించి పక్కపక్కన పరిగెత్తకూడదు. వెళ్ళేటప్పుడు సముద్రం వైపు, వచ్చేటప్పుడు కొండ వైపు పరిగెత్తాలి. అలా చేస్తే రెండుసార్లూ వాహనం మనకు ఎదురుగానే వస్తుంది, దాని లైటు మనకు కనిపిస్తుంది. చెవుల్లో ఇయర్‌ఫోన్లు వద్దు. వెనకనుంచి స్వీపర్ "బండి" అని అరిస్తే వినపడాలి. కుక్కలు వెంటపడితే పరుగు ఆపి నడవాలి, గుంపుగా దగ్గరికి చేరాలి. పరిగెత్తేకొద్దీ అవి వెంటపడతాయి.

ఆడవాళ్ళు కొందరు ఇంకొకటి అడిగారు, నా నంబరుకు విడిగా. చీకట్లో వెనకబడితే ఎలా అని. మీ గుంపు స్వీపర్ మీ వెనకే ఉంటారు, మీరు నడిచినా వాళ్ళు నడుస్తారు. అది వాళ్ళ దయ కాదు, వాళ్ళకిచ్చిన పని. స్వీపర్ మిమ్మల్ని వదిలేసి వెళ్తే నాకు చెప్పండి, ఆ మనిషిని ఆ పనిలోంచి తీసేస్తాను. ఒకసారి తీసేశాను కూడా. ఆయన చాలా ఏళ్ళుగా ఉన్నవారు, బాధపడ్డారు. నేను మాట మార్చలేదు.

క్లబ్బులో కొందరు సీనియర్లకు ఈ పద్ధతి నచ్చదు. గట్టిగా పరిగెత్తేవాళ్ళను పేసర్ భుజం వెనక కట్టేసి ఉంచడం అన్యాయం అంటారు. నేను వాళ్ళతో చాలాసార్లు మాట్లాడాను. వాళ్ళ మాటలో నిజం లేకపోలేదు. పందానికి ముందు నాలుగైదు వారాలు వాళ్ళకు ఆదివారం కూడా కొంత వేగం కావాలి. ఆ వారాల్లో వాళ్ళు విడిగా పరిగెత్తుకోవచ్చు, విడిగా పేర్లు రాసుకుంటే చాలు. కానీ 7:00 అని చెప్పి బయలుదేరిన గుంపును మూడో కిలోమీటరులో 6:40కి లాక్కుపోవడానికి ఎవరికీ హక్కు లేదు, అది కెప్టెన్ అయినా సరే. ఏడు అని విని, తన ఒంటిని చూసుకుని, ఏడే కదా అని నమ్మి వచ్చిన మనిషి అందులో ఉంటుంది.

వచ్చే ఆదివారం 4:50కి రండి. గుడి ఎదురుగా ఆకుపచ్చ టీషర్టులో, చేతిలో పొడుగాటి నోటుపుస్తకంతో ఒకాయన ఉంటారు. ఆయన దగ్గర పేరు, ఇంటివాళ్ళ నంబరు, ఏ గుంపో రాయించండి. ఎంత వేగమో తెలియకపోతే "తెలియదు" అని చెప్పండి, ఆయన నడక గుంపు కింద రాస్తారు. కడుపు నిండా తినొద్దు, ఒక అరటిపండు చాలు. బూట్లు కొత్తవైతే ఆ రోజు వేసుకోకండి. 6:40కి అదే పుస్తకం పట్టుకుని నేను నిలబడి ఉంటాను. మీ పేరు పక్కన టిక్కు నేనే పెడతాను.

మీ కెప్టెన్